టీ దగ్గర మాట్లాడిన మనిషికి నాలుగు ముక్కలు

సదస్సు ముగిసిన మర్నాటి నుంచి అక్కడ ప్రసంగించిన పెద్దలకు మెయిళ్లు వరస కడతాయి. ‘మిమ్మల్ని కలవడం నా అదృష్టం, మీ ప్రసంగం అద్భుతం, ఇకపై టచ్‌లో ఉందాం’ అని ఉంటుంది. మర్యాదకు లోటు లేదు. కానీ పేరు మార్చి ఇంకో పెద్దమనిషికి పంపినా అతికినట్టు సరిపోతుంది. చదివే ఆయనకు రాసిందెవరో గుర్తు రారు. విజిటింగ్ కార్డు తీసి చూసినా ముఖం గుర్తుకు రాదు.

మాట్లాడుకున్న మాట మాత్రం గుర్తుంటుంది, అందులోనూ తను అడిగిన ప్రశ్న మరీ గుర్తుంటుంది. అందుకని ఉత్తరం ఆ ప్రశ్న దగ్గర మొదలైతే మంచిది. పత్తి పండే మండలంలో పనిచేసే ఒక వ్యవసాయాధికారి హైదరాబాదు సదస్సులో కీటక శాస్త్రవేత్తను కలిశారనుకుందాం. మాట గులాబీ రంగు పురుగు మీదికి వెళ్లింది. మూడో రోజు ఆయన ఇలా రాయవచ్చు:

‘విషయం: జిన్నింగు మిల్లు పక్క బుట్టలు

నమస్కారం సార్. సదస్సు రెండో రోజు మధ్యాహ్నం టీ దగ్గర మీతో మాట్లాడిన మండల వ్యవసాయాధికారిని. మా దగ్గర లింగాకర్షక బుట్టల్లో రెక్కల పురుగులు బాగా పడుతున్నాయని, చేలో మాత్రం గుడ్డి పూలు కనిపించడం లేదని చెప్పాను. “బుట్టలు ఎక్కడ కట్టారు?” అని మీరు అడిగారు. తిరిగొచ్చాక వెళ్లి చూశాను. ఎక్కువ పడుతున్నవన్నీ జిన్నింగు మిల్లును ఆనుకున్న చేలలోవే. దూరపు చేలలో రాత్రికి రెండు మూడుకు మించడం లేదు. మందు కొట్టాలా వద్దా అని చెప్పేటప్పుడు ఊరంతటికీ ఒకే లెక్క చూడాలా, మిల్లు పక్క చేలను వేరుగా చూడాలా? వీలు చూసుకుని ఒక్క మాట చెప్పండి, చాలు.’

అంతే. ఇందులో పొగడ్త లేదు, నిజానికి అక్కర్లేదు కూడా. ఆయన అడిగిన మాట పట్టుకుని చేను దాకా వెళ్లి చూసి రావడం కన్నా పెద్ద పొగడ్త ఏముంటుంది?

ప్రశ్న కూడా ఊరికే అడిగింది కాదు. వరసగా మూడు రాత్రులు ఒక్కో బుట్టకు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే చర్యలు మొదలుపెట్టాలన్నది పత్తి రైతుకు చెప్పే లెక్క. విచ్చుకోకుండా ముడుచుకుపోయిన గుడ్డి పూలు నూటికి పది కనిపించినా అంతే. అయితే గింజలో దాక్కున్న పురుగు పత్తితో పాటే మిల్లుకు చేరి, అక్కడే రెక్కల పురుగై బయటికొస్తుంది. మిల్లు పక్క బుట్ట నిండినంత మాత్రాన ఊరి చేలన్నీ పురుగు పట్టాయని కాదు. అలాగని ఆ పురుగులు పక్క చేలో గుడ్లు పెట్టవనీ కాదు. ఈ చిక్కు తెలిసిన మనిషికి ఆ ప్రశ్న చూడగానే జవాబు రాయాలనిపిస్తుంది. ‘పత్తిలో పురుగు యాజమాన్యం గురించి మీ సలహా కావాలి’ అని అడిగితే మాత్రం ఆయన ఒక పుస్తకమే రాయాలి. రాయరు.

ఇలాంటి ఉత్తరం రాయడానికి అసలు పని సదస్సులోనే జరగాలి. టీ కప్పు కింద పెట్టగానే కార్డు వెనక రెండు ముక్కలు రాసుకోవాలి: మనం చెప్పిందేమిటి, ఆయన అన్నదేమిటి. సాయంత్రానికి నలుగురి మాటలూ కలిసిపోతాయి. ఒకరన్నది ఇంకొకరికి అంటగట్టి రాస్తే అసలు రాయకపోవడమే నయం. సరిగ్గా గుర్తు లేని మాటను కొటేషన్లలో పెట్టకుండా ‘బుట్టల చోటు గురించి అడిగారు’ అని రాస్తే సరిపోతుంది.

ఎప్పుడు పంపాలన్నదానికి గట్టి నియమమేమీ లేదు. రెండు మూడు రోజుల్లో అయితే మాట ఇంకా పచ్చిగా ఉంటుంది. చేను చూసి రావడానికి వారం పడితే వారం ఆగడమే మేలు, చేతిలో చెప్పుకోవడానికి ఒకటి ఉంటుంది. బయోడేటా, పాతిక ఫొటోలు జతచేయడం, అడగకుండా వాట్సాప్ గ్రూపులో కలిపేయడం చేస్తే ఆయన రెండో ఉత్తరం తెరవరు. జవాబు రాకపోతే రెండు వారాలాగి ఒకసారి గుర్తుచేయవచ్చు. ఆ తర్వాత వదిలేయడమే.

జవాబు వచ్చాక ఒక జాగ్రత్త అవసరం. టీ దగ్గర అన్న మాటైనా, మెయిల్లో రాసిన రెండు వాక్యాలైనా ఆయన సొంత అభిప్రాయం, సంస్థ సిఫారసు కాదు. దాన్ని రైతుల కరపత్రంలో ఆయన పేరుతో వేయాలనుకుంటే ముందు ఆయన్ను అడగాలి.