ఆవిరి దాటని దూరం

నెలవంక కనబడిన రాత్రి కరీంనగర్‌లోని మా వంటింటిపై ఒక కవిత రాయాలనుకున్నాము. ఆచారాలను పేర్కొనకుండా చెవికీ, ముక్కుకూ అందినదే రాయాలని నియమం పెట్టుకున్నాము.

ఆదిలాబాద్ అడవుల నుంచి వచ్చిన సారపప్పును నానబెట్టి, పొట్టు ఊడేలా అరచేతుల మధ్య రుద్దుతున్న మెత్తని సవ్వడి మొదట వినిపించింది. తరువాత సేమియా విరిచిన చిటపటలు. సన్నని సెగపై నేతిలో అది వేగుతుంటే ముందు పచ్చి పిండి వాసన వస్తుంది. ఆ వాసన కమ్మగా మారగానే దించాలి. కాస్త ఆలస్యమైతే సేమియా మాడి, ఆ చేదు షీర్ ఖుర్మా అంతటికీ ఎక్కుతుంది. ఆ క్షణాన్ని అమ్మీ ముక్కుతోనే పసిగడుతుంది.

దుబాయిలోని తమ్ముడికి పండుగ ముందురోజే అయిపోయింది. ఫోనును పొయ్యి దగ్గర పెట్టాము. అన్నీ విని, “వాసన రావడం లేదమ్మీ” అన్నాడు. మా కవిత అక్కడే పుట్టింది:

సేమియా విరిగిన చప్పుడు
సముద్రం దాటింది.
నేతి కమ్మదనం
గడప దగ్గరే ఆగింది.
అమ్మీ మూత తీసి
ఆవిరిని చేత్తో
ఫోను వైపు విసిరింది.