ఇచ్చింది ఎవరు, ఇచ్చింది ఎవరికి: ఫ్రెంచివారు నొక్కి చెప్పే తీరు

పారిస్‌లో ఒక కాఫీ హోటల్. నలుగురు మిత్రులు లేచి వెళ్లబోతుంటే బిల్లు అప్పటికే కట్టేసి ఉంది. ఎవరు కట్టారని ఒకరు అడిగారు. ఆ ప్రశ్నకు తెలుగువాళ్లు ఉత్తినే ‘నేను కట్టాను’ అని ఊరుకోరు. ‘నేనే కట్టాను’ అనో, ‘కట్టింది నేను’ అనో అంటారు. ఫ్రెంచివాళ్లదీ అదే అవసరం. ‘జె పేయే’ అంటే ‘నేను కట్టాను’ అనే అర్థం వస్తుంది గానీ, అడిగిన ప్రశ్నకు అది సరిగ్గా అతకదు. అందుకని ‘సె మ్వా కి ఎ పేయే’ అంటారు. తొందరలో ఉంటే ‘సె మ్వా’ అని ఆపేస్తారు. (ఫ్రెంచి మాటలు ఇక్కడ పలికే తీరుగా తెలుగు లిపిలో ఉన్నాయి. అరసున్న ఉన్నచోట అచ్చును ముక్కుతో పలకాలి.)

ఇందులో ‘సె’ అంటే ‘అది’, ‘మ్వా’ అంటే ‘నేను’. ‘కి’ అనేది తర్వాతి వాక్యాన్ని వెనకటి మాటకు కలిపే కీలు. దీనికి జంటగా ‘క’ ఇంకొకటి ఉంది. నొక్కి చెప్పే మాట ఆ పని చేసిన కర్త అయితే ‘కి’ వస్తుంది. కర్మ గానీ, చోటు గానీ, సమయం గానీ, మరేదైనా గానీ అయితే ‘క’ వస్తుంది. ఈ రెండు చిన్న మాటల మీదే వ్యవహారమంతా నడుస్తుంది.

ఇంత చుట్టుతిరుగుడు ఎందుకంటే, కారణం ఫ్రెంచి పలుకుబడిలోనే ఉంది. మామూలుగా ఆ భాషలో నొక్కు మాటల గుంపు చివరన పడుతుంది. వాక్యం మొదట్లో కర్తగా వచ్చే ‘జ’ (నేను), ‘త్యు’ (నువ్వు) వంటి మాటలు బలహీనమైనవి, క్రియకు అతుక్కుని ఉంటాయి. వాటిని గొంతు పెంచి నొక్కడం కుదరదు. అందుకే బలమైన ‘మ్వా’ను తెచ్చి, ‘సె’ వెనక నిలబెట్టి, దానితో ఒక గుంపును ముగిస్తారు. నొక్కు తనంతట తానే దాని మీద పడుతుంది. స్వరం అక్కడ దిగుతుంది, మిగిలిన సగం తగ్గు గొంతుతో సాఫీగా సాగిపోతుంది.

ఒకే వాక్యాన్ని నాలుగు రకాలుగా తిప్పి చూస్తే సంగతి తేటపడుతుంది. ‘పోల్ ఆ దొన్నే లా క్లే ఆ మారీ యేర్’, అంటే ‘పోల్ నిన్న మారీకి తాళంచెవి ఇచ్చాడు’. ఇప్పుడు ఇచ్చినవాడి గురించి తగవు వచ్చిందనుకుందాం. ‘సె పోల్ కి ఆ దొన్నే లా క్లే’: తాళంచెవి ఇచ్చింది పోల్, ఇంకొకరు కాదు. ఇచ్చిన వస్తువు మీద సందేహమైతే ‘సె లా క్లే క పోల్ ఆ దొన్నే’: పోల్ ఇచ్చింది తాళంచెవి, ఉత్తరం కాదు. పుచ్చుకున్న మనిషి సంగతైతే ‘సె ఆ మారీ క పోల్ ఆ దొన్నే లా క్లే’: పోల్ తాళంచెవి ఇచ్చింది మారీకి. రోజు విషయమైతే ‘సె యేర్ క పోల్ ఆ దొన్నే లా క్లే’: ఇచ్చింది నిన్న. నాలుగింటిలోనూ జరిగింది ఒక్కటే, అడిగినవాళ్ల సందేహం మాత్రం వేరు. క్రియను మాత్రం ఈ చట్రంలో పెట్టలేరు.

తెలుగు చదువరికి ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది, ఉండాలి కూడా. ‘ఇచ్చింది పోల్’, ‘ఇచ్చింది మారీకి’ అని తెలుగు కూడా వాక్యాన్ని రెండుగా చీలుస్తుంది. తేడా వరసలో ఉంది. ఫ్రెంచి నొక్కే మాటను ముందు చెప్పి, తెలిసిన సంగతిని వెనక పెడుతుంది. తెలుగు తెలిసిందాన్ని ముందు ఉంచి, అసలు మాటను చివరకు దాస్తుంది.

ఇంకో తేడా దగ్గర తెలుగువాళ్లు తప్పకుండా జారతారు. ‘నేను కట్టాను’ అన్నప్పుడు క్రియ చివర ‘నేను’ గుర్తు ఉంది. ‘కట్టింది నేను’ అనగానే ఆ గుర్తు పోయింది. కట్టింది నేను, కట్టింది నువ్వు, కట్టింది వాళ్లు, అన్నిటికీ ఒకటే ‘కట్టింది’. ఫ్రెంచి అలా వదిలెయ్యదు. ‘కి’ వెనక వచ్చే క్రియ ముందున్న మనిషితోనే పొత్తు పెట్టుకుంటుంది. ‘సె మ్వా కి ఎ పేయే’, ‘సె న్వా’ కాదు, ‘సె ను కి అవోఁ పేయే’ (కట్టింది మేము), ‘సె వు కి అవే పేయే’ (కట్టింది మీరు). ‘ఎ’ బదులు ‘ఆ’ పెట్టి ‘సె మ్వా కి ఆ పేయే’ అంటే అది ‘అతను కట్టాడు’లోని క్రియను తెచ్చి ‘నేను’కి తగిలించినట్టు. ఈ పొరపాటు ఫ్రెంచి పుట్టుభాషగా ఉన్నవాళ్లు కూడా మాటల్లో చేస్తుంటారు, బళ్లో పంతుళ్లు దిద్దుతుంటారు. తెలుగు పిల్లలు చేస్తే దాని వెనక వాళ్ల సొంత భాష అలవాటు కూడా ఉందని గుర్తిస్తే దిద్దడం సులువవుతుంది.

విభక్తి దగ్గర మాత్రం తెలుగు చెవి భలే సాయం చేస్తుంది. ‘ఇచ్చింది మారీకి’లో ‘కి’ మారీనే అంటుకుని ఉంది కదా. ఫ్రెంచిలో ఆ పని చేసే ‘ఆ’ కూడా అలాగే మారీ ముందు నిలుస్తుంది, వెనక ఉత్త ‘క’ చాలు. ‘సె మారీ క పోల్ ఆ దొన్నే లా క్లే’ అని ‘ఆ’ను వదిలేస్తే, తెలుగులో ‘తాళంచెవి ఇచ్చింది మారీ’ని అన్నట్టు, మాట కుంటుపడుతుంది. కొందరు రెండుచోట్లా పెట్టేస్తారు: ముందు ‘ఆ మారీ’, వెనక మళ్లీ ‘ఆ కి’ (ఎవరికి). ఇది పునరుక్తి అని నేటి వ్యాకరణాలు తప్పుపడతాయి. అయితే 17వ శతాబ్దపు మహాకవి బ్వాలో తన తొమ్మిదో వ్యంగ్యకావ్యాన్ని సరిగ్గా ఇలాంటి జంట ప్రయోగంతోనే మొదలుపెట్టాడు. ఆ కాలంలో అది చెల్లింది. ఇప్పుడు ఒక్కచోటే ఉండాలి.

నొక్కి చెప్పే ఈ వాక్యంలో ఇంకో గుణం ఉంది, దాన్ని గమనించకపోతే మనిషి అనుకోని చిక్కులో పడతాడు. వెనక సగాన్ని అందరికీ తెలిసిన నిజంగా ఒప్పేసుకున్నట్టు అవుతుంది. ఒక పిల్లవాడు ‘సె ప మ్వా కి ఎ కాసే ల వేర్’ అన్నాడనుకోండి. ‘గ్లాసు పగలగొట్టింది నేను కాదు’ అని. తనమీద నింద తోసిపుచ్చాడు గానీ, గ్లాసు పగిలిందనీ, ఎవరో పగలగొట్టారనీ ఒప్పుకున్నాడు. ‘నేను గ్లాసు పగలగొట్టలేదు’ అంటే అంత ఒప్పుకోవలసిన పని లేదు. (రాతలో ఈ కాదనే మాటకు ముందు ‘న’ కూడా ఉంటుంది. మామూలు మాటల్లో దాన్ని మింగేస్తారు.)

ఎదుటివారికి ఏమీ తెలియనప్పుడు ఇదే చట్రం వాడితే వింతగా వినిపించేది కూడా అందుకే. లోపలి గదిలో ఫోన్ మోగుతోంది, ఇంట్లోవాళ్లకు ఆ కబురు చెప్పాలి. అప్పుడు ‘సె ల తెలెఫోన్ కి సోన్’ అనరు. అది ‘ఆ మోగుతున్నది ఫోనే, తలుపు గంట కాదు’ అని జవాబు చెప్పడం. కొత్త కబురైతే ‘యా ల తెలెఫోన్ కి సోన్’ అంటారు. ‘ఉంది’ అనే అర్థమిచ్చే ‘యా’ మొత్తం సంగతిని ఒక్క ముద్దగా, కొత్తదిగా ముందుకు తెస్తుంది. రెండింటిలోనూ ‘కి’ ఉంది, అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లు తికమకపడతారు. తెలుగులో పెట్టి చూస్తే తెలిసిపోతుంది: ‘ఫోన్ మోగుతోంది’ అనాలనిపిస్తే ‘యా’, ‘మోగుతున్నది ఫోన్’ అనాలనిపిస్తే ‘సె’.

రాతలో మాత్రం ఈ నియమానికి పెద్ద సడలింపు ఉంది. చరిత్ర పుస్తకాలూ పత్రికలూ తారీఖుతో పేరా మొదలుపెట్టడానికి ఈ చట్రాన్నే వాడతాయి. మన గోదావరి ఒడ్డున ఉన్న యానాం గురించి ఫ్రెంచిలో రాసేవారు ‘సె తాఁ 1954 క లా ఫ్రాఁస్ ఆ కితే యనావోఁ’ అని రాయవచ్చు: ఫ్రాన్స్ యానాంను వదిలి వెళ్లింది 1954లో. చదివేవారికి ఆ వదిలి వెళ్లడం ముందుగా తెలియకపోయినా ఫర్వాలేదు. రచయిత దాన్ని తెలిసిన చరిత్రగా చెబుతున్నాడు, పాఠకుడు సరేనని స్వీకరిస్తాడు. పేరాకొక్కటి ఉంటే ఇది బాగుంటుంది. వరసగా నాలుగు వాక్యాలు ‘సె’తో మొదలైతే ప్రతిదీ నొక్కినట్టై, ఏదీ నొక్కినట్టు ఉండదు.

‘సె… క’ కనిపించిన ప్రతిచోటా నొక్కే ఉందనుకోకూడదు. ‘సె ల లీవ్ర్ క జె అష్తే’ అనే ఒక్క వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి ‘ఇది నేను కొన్న పుస్తకం’, అంటే ఉత్త పరిచయం. రెండోది ‘నేను కొన్నది పుస్తకం’, అంటే పెన్ను కాదని నొక్కి చెప్పడం. తెలుగు ‘కొన్న’, ‘కొన్నది’ అని రెండు రూపాలు పెట్టుకుని ఈ గొడవ లేకుండా చేసుకుంది. ఫ్రెంచిలో సందర్భమూ గొంతూ చూసి తేల్చుకోవాలి. రెండో అర్థం కుదిరే చోట ‘సె’నూ ‘క’నూ తీసేసి, మిగిలిన మాటలను సర్దితే ‘జె అష్తే ల లీవ్ర్’ (నేను పుస్తకం కొన్నాను) వస్తుంది, ఏమీ పోదు. మొదటి అర్థంలో అలా తీసేస్తే చేతిలో చూపిస్తున్న ‘ఇది’ అనే వస్తువే పోతుంది.

అసలు చిక్కుముడి చెవికి సంబంధించింది. ‘సె మారీ కిలా వ్యు’ అని ఎవరైనా అంటే, చూసిందెవరు? ఇందులో రెండు వాక్యాలు దాగి ఉన్నాయి. ‘క’ తర్వాత అచ్చు వస్తే దాని అచ్చు రాలిపోతుంది. కాబట్టి ‘క’, ‘ఇల్’ (అతను) కలిసి ‘కిల్’ అయితే, ‘అతను చూసింది మారీని’ అని అర్థం. ‘కి’ ఎప్పుడూ తన అచ్చు వదులుకోదు. దాని వెనక ‘అతన్ని’ అనే అర్థమున్న ఒంటి ‘ల్’ చేరితే, ‘అతన్ని చూసింది మారీ’ అని అర్థం. పలుకులో రెండూ అచ్చంగా ఒకటే. రాతలో మాత్రం విడివిడిగా కనిపిస్తాయి. పైగా మొదటిదానిలో చూడబడినది స్త్రీ, ఆమె పేరు ముందే వచ్చింది కాబట్టి, ‘వ్యు’ చివర పలకని అక్షరం ఒకటి అదనంగా రాయాలి. ఫ్రెంచి నేర్పేవారు దీన్ని చూచిరాతగా కాక వినిరాతగా ఇస్తే, ముందు వాక్యంలో ఎవరి గురించి మాట వచ్చిందో గుర్తుంచుకున్న విద్యార్థే సరిగా రాయగలుగుతాడు.