రెండొందల ఎనభై రూపాయల ఛత్రపతి

ఈ సమీక్ష రాయడానికి నీకున్న అర్హతేమిటని అడిగేవారికి ముందుగానే మనవి చేసుకుంటున్నాను. ఇప్పటివరకు నేను పదకొండు గొడుగులు పోగొట్టుకున్నాను. నాలుగు బస్సుల్లో, మూడు పెళ్లిళ్లలో, రెండు బ్యాంకుల్లో, ఒకటి పళ్ల డాక్టరు దగ్గర. పదకొండోది మా బావమరిది అడిగి తీసుకెళ్లాడు. అదీ పోయినట్టే లెక్క.

పన్నెండోది ఈ కథకు నాయకుడు. జూన్ చివరి వారంలో విశాఖపట్నం పూర్ణా మార్కెట్‌లో కొన్నాను. నల్లటి గుడ్డ, మూడు మడతలు, ఎనిమిది ఊచలు, ప్లాస్టిక్ పిడి. ధర రూ.280. గ్యారంటీ ఏమైనా ఉందా అని అడిగితే కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "వానకే గ్యారంటీ లేదండి, గొడుగుకెక్కడిది?" అన్నాడు. ఇంత నిజాయతీగల విక్రేత దొరికాక బేరమాడటం పాపమనిపించింది. ఆడినా తగ్గించలేదు.

మొదటి అంకం: దేహ పరీక్ష

ఆ రాత్రి అందరూ పడుకున్నాక, హాల్లో లైటు వేసి, టేపు పట్టుకుని పరీక్షకు కూర్చున్నాను. మూసినప్పుడు పొడవు 24 సెంటీమీటర్లు. విప్పితే ఈ అంచు నుంచి ఆ అంచుకు 96 సెంటీమీటర్లు. మీట నొక్కి విప్పేసరికి వచ్చిన టప్పుమన్న చప్పుడుకు మా ఆవిడ లేచి వచ్చింది. హాలు మధ్యలో గొడుగు వేసుకుని నిలబడ్డ భర్తను చూసి, "అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. ఆ సామెత ఎవరి కోసం పుట్టిందో ఇవాళ తెలిసింది" అని మళ్లీ వెళ్లి పడుకుంది. గడియారం చూశాను. సరిగ్గా పన్నెండు దాటి ఐదు నిమిషాలు.

అయినా పరిశోధకుడు వెనకడుగు వేయలేదు. గొడుగు విప్పినప్పుడు జరిగేదేమిటో ఆ రాత్రే అర్థమైంది. కాడ మీద జారే ఉంగరాన్ని పైకి తోస్తే, దానికి తగిలించిన చిన్న ఊచలు పెద్ద ఊచలను బయటికి నెడతాయి. గుడ్డను కావాలనే కొంచెం బిగువుగా కోసి కుడతారు. అందుకని ఊచలు తిన్నగా చాచుకోలేక విల్లులా వంగుతాయి. వంగిన ఊచ గుడ్డను లాగి పడుతుంది. లాగిన గుడ్డ ఊచను వంచి పడుతుంది. అంటే నా చేతిలో ఉన్నది ఒక గొడుగు కాదు, ఎక్కుపెట్టిన ఎనిమిది విల్లులు. శ్రీరాముడు విరిచింది ఒక్క విల్లే. నేను వారం తిరక్కుండా ఎన్ని విరిచానో కింద మనవి చేస్తాను.

రెండో అంకం: వరుణుడితో

జులై మొదట్లో ఒక సాయంత్రం ఆఫీసు నుంచి బస్టాపు దాకా, పావుగంట నడక, ఓ మోస్తరు వాన. ఫలితం: తల పొడి, భుజాలు పొడి, చొక్కా పైరెండు గుండీల వరకు పొడి. అక్కణ్నుంచి కిందికి నేను, సముద్రం ఒకటే.

గొడుగును తిట్టడానికి పెన్ను తీశాను గానీ, లెక్క వేస్తే తప్పు దానిది కాదని తేలింది. పెద్ద చినుకు సుమారుగా సెకనుకు 7 మీటర్ల వేగంతో కిందికి పడుతుంది. గాలి గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వీస్తోందనుకోండి, అంటే సెకనుకు 5 మీటర్లు. అప్పుడు చినుకు ఏడడుగులు దిగేలోపు ఐదడుగులు పక్కకు జరుగుతుంది. నా గొడుగు అంచు కాడ నుంచి అడుగున్నర దూరంలో ఉంది. ఆ అంచును తప్పించుకుని ఏటవాలుగా వచ్చే చినుకు, రెండడుగులు దిగేసరికల్లా నా పొట్టను చేరుతుంది. నా పొట్ట కొంచెం ముందుకే ఉంటుంది కాబట్టి ఇంకా ముందే చేరుతుంది. గొడుగును నిటారుగా పట్టుకున్నంతకాలం ఈ లెక్క మారదు. వాన వచ్చే వైపుకు వంచితేనే మారుతుంది.

గుడ్డ మాత్రం వాగ్దానం నిలబెట్టుకుంది. నేతలో సన్నని రంధ్రాలు ఉన్నా నీరు కిందికి దిగదు. పూత వేసిన దారం నీటిని అంటుకోనివ్వదు కాబట్టి చినుకు తామరాకు మీద బొట్టులా ముద్దకట్టి జారిపోతుంది. ఈ పూత ఎంతకాలం ఉందో మీరే చూసుకోవచ్చు. విప్పిన గొడుగు మీద చెంచాడు నీళ్లు చల్లండి. ముత్యాల్లా దొర్లితే పూత ఉన్నట్టు. గుడ్డ నల్లగా తడిసి నీటిని పీల్చుకుంటే అరిగినట్టు. మొదట అరిగేది మడతలు పడేచోట. నా గొడుగు ఈ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంది. దాని విజయాలు ఇక్కడితో సమాప్తం.

మూడో అంకం: వాయుదేవుడితో

నాలుగో రోజు. బీచ్ రోడ్డు. సముద్రం మీంచి గాలి. ఒక ఎత్తైన భవనం మూల తిరిగాను. భవనానికి అడ్డుపడిన గాలి మూల దగ్గరకు వచ్చి, అక్కడ వేగం పుంజుకుని తోసుకుపోతుంది. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. గొడుగుకూ తెలియదు. ఒక్క క్షణంలో అది పైకి తిరగబడి, గిన్నెలా మారి, నా నెత్తిన పడాల్సిన వానను జాగ్రత్తగా పోగుచేయడం మొదలుపెట్టింది. రోడ్డు పక్క మొక్కజొన్న కాలుస్తున్న ఆవిడ విసనకర్ర ఆపి మరీ చూసింది.

ఇక్కడ కొంచెం విజ్ఞానం అవసరం. గాలి గొడుగు లోపలి బోలులోకి తిన్నగా చొరబడితే, గంటకు 36 కిలోమీటర్ల గాలి నా గొడుగు మీద సుమారు ఆరు కిలోల బరువుతో తోస్తుంది. అదే గాలి వేగం రెట్టింపైతే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. అంటే 72 కిలోమీటర్ల గాలికి దాదాపు పాతిక కిలోలు, ఒక బియ్యం బస్తా. మూడొందల గ్రాముల గొడుగు బియ్యం బస్తాను ఆపలేదని అర్థం చేసుకోవడానికి ఇంజనీరింగ్ చదవనక్కరలేదు. అదే గాలికి గొడుగు వీపు, అంటే పైకి ఉబ్బిన వైపు, ఎదురుపెడితే గాలి ఇరుపక్కలకు జారిపోయి తోపు బాగా తగ్గుతుంది.

నేను రెండో తప్పు కూడా చేశాను. తిరగబడ్డ ఊచలను చేత్తో పట్టుకుని బలవంతంగా కిందికి వంచాను. టక్‌మని ఒకటి, ఆ వెంటనే ఇంకొకటి. గాలి తిరగేసింది, విరిచింది మాత్రం నేను. ఏ గోడ చాటుకో వెళ్లి ఉంగరాన్ని మెల్లగా కిందికి లాగి గొడుగు మూసేస్తే, చాలాసార్లు ఊచలు వాటంతటవే చోటుకు వస్తాయట.

నాలుగో అంకం: శస్త్రచికిత్స

మార్కెట్ మలుపులో, నీలం పట్టా కింద, పాత గొడుగుల అస్థిపంజరాల మధ్య కూర్చున్న పెద్దాయన దగ్గరకు తీసుకెళ్లాను. విప్పి చూసి, "ఇదేటి బావూ, గొడుగుతోటి కుస్తీ పట్టీసినారేటి?" అన్నాడు.

విరిగిన చోటు చూపించి పాఠం చెప్పాడు. ఊచ గుండ్రటి కడ్డీ కాదు, పొడవునా కాలువలా మడిచిన పలచని ఉక్కు రేకు. పోస్టుకార్డును ఒక చివర పట్టుకుంటే వేలాడిపోతుంది, నిలువునా మధ్యకు మడిస్తే నిటారుగా నిలుస్తుంది. ఇదీ అంతే. తక్కువ ఉక్కు, ఎక్కువ గట్టితనం. కానీ కాలువ గోడలు ఒక్కచోట విచ్చుకున్నా ఆ బలమంతా పోయి, ఊచ అక్కడికక్కడే మడతపడుతుంది. ఈ కాలువ ఊచ ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ దగ్గర శామ్యూల్ ఫాక్స్ అనే ఆయన 1852లో తెచ్చిన ఉపాయం. అంతకుముందు గొడుగు ఊచలు తిమింగలం నోట్లోని ఎముకలాంటి పలకలతోనూ, బెత్తంతోనూ ఉండేవి. బరువు, పైగా తడిస్తే తిప్పలు. నూట డెబ్బై ఏళ్లు దాటినా నా గొడుగులో ఉన్నది ఆ ఉపాయమే.

మూడు మడతల గొడుగులో ఇంకో చిక్కు ఉంది. సంచిలో పట్టాలని ప్రతి ఊచనూ ముక్కలు చేసి కీళ్లతో కలుపుతారు. కీలు ఉన్నచోటల్లా ఒక చిన్న మేకు, మేకు ఉన్నచోటల్లా తుప్పుకు ఒక అవకాశం. తాతల కాలం నాటి పొడుగు కర్ర గొడుగు గాలికి కాస్త మొండిగా నిలబడేది ఈ కీళ్లు తక్కువ కావడం వల్లే. కొనేటప్పుడు ఊచ ఫైబర్‌గ్లాస్‌దా ఉక్కుదా అడగండి. ఫైబర్‌గ్లాస్ వంగినా మళ్లీ లేస్తుంది. ఉక్కు రేకు ఒకసారి మడతపడితే మడతే.

పెద్దాయన విరిగిన రెండు చోట్లా చిన్న రేకు తొడుగు బిగించి నొక్కాడు. ఎముక విరిగితే కట్టు కట్టినట్టు. ఊచ కొసన ఊడిన గుడ్డను నాలుగు కుట్లతో తిరిగి కట్టాడు. "గుడ్డ ముందు ఊడేది ఈ కొసలకాడే బావూ, ఒక్క కుట్టు తెగినప్పుడే సూసుకోవాల" అన్నాడు. తీసుకున్నది నలభై రూపాయలు. ఇప్పుడు నా గొడుగు విప్పితే ఒకవైపు భుజం కొంచెం వాలి ఉంటుంది, అచ్చం యుద్ధం నుంచి వచ్చిన వీరుడిలా.

తీర్పు

పద్దెనిమిదో శతాబ్దంలో లండన్‌లో జోనాస్ హాన్వే అనే పెద్దమనిషి వీధుల్లో గొడుగు వేసుకుని తిరిగితే, వాన పడితేనే గిరాకీ ఉండే గుర్రపుబండ్ల వాళ్లు ఆయన్ని ఎగతాళి చేశారట. మా వీధి చివర ఆటోవాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు గానీ, వాళ్ల కారణం వేరు.

వాన విషయంలో పదికి ఎనిమిది. గాలి విషయంలో రెండు, ఆ రెండూ సానుభూతితో. కుటుంబ గౌరవం విషయంలో సున్న, అర్ధరాత్రి ఘటన దృష్ట్యా. మొత్తం మీద ఈ గొడుగు చెప్పినంత పని చేసింది. వానకు పుట్టిన వస్తువును గాలితో యుద్ధానికి పంపిన నేరం నాదే.

మీరు కొంటే ఈ మూడూ గుర్తుంచుకోండి. గాలి వచ్చే వైపుకు గొడుగు వీపు చూపండి, మరీ ఎక్కువైతే మూసేసి తడవండి. తడిసిన గొడుగును మడిచి సంచిలో పెట్టకుండా, సగం విప్పి నీడన ఆరబెట్టండి, కీళ్లు తుప్పు పట్టవు. ఒక ఊచ విరిగితే పారేయకండి, ముందు నలభై రూపాయల వైద్యుణ్ని వెతకండి.

మా బావమరిది ఈ ఆదివారం వస్తున్నాడట. గొడుగు అల్మారాలో పెట్టి తాళం వేశాను.