ఒకటా, ఏడా?

గుంటూరు చిరునామాతో చేత్తో నింపిన ఒక దరఖాస్తు. పిన్‌కోడ్‌లో 52200 దాకా స్పష్టంగానే ఉంది. చివర ఒక నిలువు గీత, దాని నెత్తిన చిన్న కొక్కెం. ఒకటా, ఏడా? కొత్తగా చేరిన ఆపరేటర్ ఒకటి కొట్టేసి ముందుకు పోతాడు. 522001, 522007 రెండూ గుంటూరు పిన్‌కోడ్‌లే కాబట్టి కంప్యూటర్ కూడా అడ్డు చెప్పదు.

డేటా ఎంట్రీ టీమ్ లీడ్ కొత్తవాళ్లకు పంపే మెయిల్ ఈ చిక్కు గురించే. దాని సారాంశం ఇలా ఉంటుంది: తెలిసినంత వరకు కొట్టండి, తెలియని అంకె చోట `?` పెట్టండి. గడి మొత్తం చదవలేకపోతే `ILLEGIBLE`, అసలేమీ రాయకపోతే `BLANK`. పై పిన్‌కోడ్ `52200?` అవుతుంది. గుర్తులు సంస్థను బట్టి మారతాయి. వాలంటీర్లతో పాత రికార్డులు ఎక్కించే ఫ్యామిలీసెర్చ్‌లో ఒక అక్షరానికి `?`, అంతకు మించితే `*` వాడతారు.

ఖాళీని, చదవలేనిదాన్ని వేరుచేయడం చాదస్తం కాదు. ఖాళీ అయితే దరఖాస్తుదారునే అడగాలి. చదవలేనిదైతే ముందు అసలు కాగితం తీసి చూడాలి, స్కాన్‌లో అలికినట్టున్నది అక్కడ చక్కగా కనబడొచ్చు. రెండింటినీ ఒకేలా వదిలేస్తే ఆ కాగితం జోలికి మళ్లీ ఎవరూ పోరు. గడి నిండితేగాని సాఫ్ట్‌వేర్ కదలనివ్వని చోట ఫోన్ నంబరుగా 9999999999 కొట్టేవాళ్లూ ఉంటారు. ఆ తప్పులో సగం సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లదే!

ఆధార్ సంగతి వేరు. 12 అంకెల్లో చివరిది మిగతా 11 అంకెల నుంచి లెక్కగట్టి పెట్టినది. ఏ ఒక్క అంకె తప్పినా లెక్క కుదరదు, సాఫ్ట్‌వేర్ పట్టేస్తుంది. ఇక్కడే తెలివైన కుర్రాళ్లు బోల్తా పడతారు. చదవలేని అంకె ఒక్కటే ఉంటే, సున్నా నుంచి తొమ్మిది దాకా మార్చి చూస్తే ఏదో ఒకటి సరిపోతుంది. మిగతా 11 సరిగ్గా చదివి ఉంటే అది నిజంగానే సరైన అంకె. వాటిలో 8ని 3గా చదివి ఉంటే? అప్పుడూ ఒక అంకె కుదురుతుంది, నంబరు మాత్రం ఆ మనిషిది కాదు. అందుకే లెక్క కుదిరేదాకా అంకెలు మార్చి చూడొద్దని లీడ్ గట్టిగా చెబుతాడు.

చాలాచోట్ల ఒకే ఫారాన్ని ఇద్దరు విడివిడిగా ఎక్కిస్తారు, తేడా వచ్చిన గడి మూడో మనిషికి పోతుంది. ఇద్దరూ అలవాటుగా ఒకటే కొడితే ఈ వల కూడా పనిచేయదు. ఇద్దరిలో ఒక్కరు `?` పెట్టినా గడి పైకి వెళుతుంది. మూడో మనిషి అదే ఫారంలో ఫోన్ నంబరు, పుట్టిన తేదీ చూస్తాడు, ఆ చెయ్యి ఒకటిని ఎలా రాస్తుందో, ఏడును ఎలా రాస్తుందో పోల్చుకుంటాడు. అప్పటికీ తేలకపోతే దరఖాస్తుదారుకు ఫోన్ చేస్తారు.