రెండు గేదెల డెయిరీకి బ్యాంకు రుణం: ప్రాజెక్టు రిపోర్టులో లెక్క ఎలా వేయాలి?

రెండు ముర్రా గేదెలతో డెయిరీ పెట్టాలనుకునే రైతు బ్యాంకుకు ఇచ్చే ప్రాజెక్టు రిపోర్టులో ఎక్కువగా తప్పు జరిగేది పాల దిగుబడి దగ్గరే. రోజుకు 8 లీటర్లు, ఏడాదికి 365 రోజులు అని వేసేస్తారు. గేదె అలా ఇవ్వదు. ఈనాక సుమారు 280 రోజులు పాలిచ్చి, తర్వాత 150 రోజుల వరకు వట్టిపోతుంది. అంటే సగటున ఏడాదికి 240 రోజులే పాలు.

ఒక ఉదాహరణ చూద్దాం. పాక మీకు ముందే ఉందనుకోండి. గేదె ఒక్కింటికి రూ.90,000 చొప్పున రూ.1,80,000, రవాణా, బీమాకు రూ.15,000, పాల క్యాన్లు, ఇతర సామాన్లకు రూ.5,000 కలిపి మొత్తం రూ.2 లక్షలు. ఇందులో మీ వాటా 15 శాతం, రూ.30,000. రుణం రూ.1,70,000.

రెండు గేదెలూ కలిసి ఏడాదికి 3,840 లీటర్లు ఇస్తాయి. లీటరు రూ.55 చొప్పున రూ.2,11,200 వస్తుంది. ధర వెన్న శాతాన్ని బట్టి మారుతుంది కాబట్టి మీ పాల కేంద్రం ఇచ్చిన చీటీలోని సగటు ధరే రాయండి. పాలిచ్చే రోజుల్లో దాణా, పచ్చిమేత, ఎండుగడ్డికి గేదెకు రోజుకు రూ.200, వట్టి రోజుల్లో రూ.100 వేస్తే మేత ఖర్చు రూ.1,21,000. మందులు, ఎద కట్టించడం, బీమా, కరెంటుకు రూ.13,000. మిగులు రూ.77,200. ఇంటివాళ్ల కూలి ఇందులో లేదు.

అయిదేళ్ల గడువు, 11 శాతం వడ్డీ అయితే మొదటి ఏడాది అసలు రూ.34,000, వడ్డీ రూ.18,700, మొత్తం రూ.52,700 కట్టాలి. మిగులు వాయిదాకు ఒకటిన్నర రెట్లు ఉండాలని బ్యాంకులు సాధారణంగా చూస్తాయి. ఇక్కడ మొదటి ఏడాది దానికి కాస్త తక్కువే. అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గి రెండో ఏడాదికి సరిపోతుంది.

కానీ 8 లీటర్లకు బదులు ఆరున్నరే ఇస్తే, దాణా కొంత తగ్గించినా మిగులు రూ.50,000 దాటదు, వాయిదా చేతి నుంచి పెట్టాలి. అందుకే సంతలో మాట మీద కొనకండి. మీ ఎదురుగా వరుసగా మూడు పూటలు పాలు పిండించి కొలిచి చూడండి. రైతు ముందురోజు పాలు పిండకుండా ఆపి ఉంటే మొదటి పూట మోసపోతారు, మూడో పూటకు బయటపడుతుంది.

రెండు గేదెలనూ ఒకేసారి కొనవద్దు. రెండూ కలిసి వట్టిపోతే నాలుగైదు నెలలు పాల డబ్బు రాదు, మేతకు రూ.6,000, వాయిదాకు రూ.4,400, నెలకు రూ.10,000 పైనే చేతి నుంచి పోతుంది. మొదటి గేదె వచ్చిన ఆరు నెలలకు రెండోది కొంటే ఏ నెలా పాలు ఆగవు. రుణాన్ని రెండు విడతలుగా ఇవ్వమని రిపోర్టులోనే రాసి, రెండో విడత ఏ నెలలో కావాలో చెప్పండి. బీమా చేసిన గేదె చెవి పోగు ఊడితే వెంటనే బీమా వారికి, బ్యాంకుకు తెలిపి కొత్తది వేయించండి. పోగు లేకపోతే గేదె చనిపోయినప్పుడు పరిహారం తీసుకోవడం కష్టం.