‘గారు’ ఒక్కటే సరిపోదు

దసరా ముందురోజు నుంచే ఫోన్లలో శుభాకాంక్షలు మొదలవుతాయి. ఒకే సందేశం స్నేహితుడికీ, మేనమామకీ, చదువు చెప్పిన మాస్టారికీ వెళ్తుంది. పెద్దవాళ్లకు పంపేటప్పుడు చాలామంది చేసే మార్పు ఒక్కటే: పేరు పక్కన ‘గారు’ చేర్చడం. కానీ తెలుగులో మర్యాద పేరు దగ్గరే ఆగిపోదు. అది సర్వనామంలో ఉంటుంది, క్రియ చివర ఉంటుంది, ఎవరు ఎవరికి ఏమిస్తున్నారన్న దానిలో కూడా ఉంటుంది. వీటిలో ఏ ఒక్కటి జారినా చదివేవారికి వెంటనే తెలిసిపోతుంది.

ఉద్యోగ విరమణ చేసిన ఒక మాస్టారికి పాత విద్యార్థి ఇలా రాశాడనుకుందాం:

“గౌరవనీయులైన మాస్టారు గారుకి, మీకు, మీ కుటుంబానికి విజయదశమి శుభాకాంక్షలు. ఆ దుర్గమ్మ నీకు ఆయురారోగ్యాలు ఇవ్వాలి. మేడమ్‌గారు ఎలా ఉంది? ఆమెను అడిగానని చెప్పు. మా నాన్న కూడా నిన్ను గుర్తు చేశాడు. పండక్కి మా ఇంటికి రండి. నా ఆశీస్సులు స్వీకరించండి. ఇట్లు, శ్రీ రమేష్.”

ఇందులో ‘గారుకి’ తప్ప మిగతా మాటలన్నీ విడివిడిగా చూస్తే సరైనవే. అందుకే అక్షరదోషాలు వెతికితే ఏమీ దొరకవు. ‘నిన్ను’ తప్పు మాట కాదు, మాస్టారితో అనకూడని మాట, అంతే. ఇలాంటివి పట్టుకోవాలంటే సందేశాన్ని మామూలుగా చదివితే చాలదు. ప్రతి వాక్యంలో చివరి మాట దగ్గర ఆగాలి. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర్లో వస్తుంది, మర్యాద అక్కడే బయటపడుతుంది. ‘ఉన్నావు’ స్థానంలో ‘ఉన్నారు’, ‘చెప్పు’ స్థానంలో ‘చెప్పండి’, ‘రా’ స్థానంలో ‘రండి’ ఉన్నాయా అని చూడాలి. ఆ తర్వాత వెనక్కి వచ్చి నీకు, నీ, నిన్ను అన్న మాటలు ఎక్కడైనా మిగిలాయేమో వెతకాలి. అవి మీకు, మీ, మిమ్మల్ని కావాలి. పై సందేశం ‘మీకు’తో మొదలై మరుసటి వాక్యంలోనే ‘నీకు’లోకి జారింది. వేరేవాళ్లు పంపిన సందేశంలోంచి ఒక వాక్యం తెచ్చి అతికించినప్పుడు ఎక్కువగా జరిగేది ఇదే.

ఇక్కడ ఒక చిక్కుంది. ‘ఉండాలి’, ‘కలగాలి’, ‘ఇవ్వాలి’ లాంటి క్రియలు చిన్నాపెద్దా తేడా చూపవు. ‘నువ్వు బాగుండాలి’, ‘మీరు బాగుండాలి’ రెండింటిలోనూ క్రియ ఒకటే. శుభాకాంక్షల్లో సగం వాక్యాలు ఇలాగే ముగుస్తాయి కాబట్టి రాసేవారు పొరపాటు జరగలేదనే అనుకుంటారు. ఇలాంటి వాక్యాల్లో సర్వనామాన్ని ఒకటికి రెండుసార్లు చూసుకోవడమే మార్గం.

అన్నిటికన్నా ఎక్కువగా కన్నుగప్పేది ‘మేడమ్‌గారు ఎలా ఉంది?’ అన్న వాక్యం. తెలుగు ఏకవచనంలో ఆడవారికీ వస్తువులకూ క్రియారూపం ఒకటే. అక్క వచ్చింది, బస్సు కూడా వచ్చింది. తమ్ముడు మాత్రం వచ్చాడు. గౌరవం చూపేటప్పుడు ఆడవారికైనా మగవారికైనా ‘వచ్చారు’ అనాలి. ‘మాస్టారు వచ్చాడు’ అంటే చెవికి వెంటనే మొరటుగా తగులుతుంది. ‘మేడమ్ వచ్చింది’ రోజూ వినే మాట కావడంతో ఎవరికీ తట్టదు. ‘సార్ వచ్చారు, మేడమ్ వచ్చింది’ అని ఒకే ఊపిరిలో అనేవాళ్లు ఎంతోమంది. కాబట్టి సందేశంలో అమ్మమ్మగారో, అత్తయ్యగారో, మేడమో ఉంటే ‘ంది’తో ముగిసే క్రియలను ప్రత్యేకంగా వెతకాలి. ‘ఆమెను’ తప్పు కాదు గానీ, మాస్టారి భార్య గురించి ఆయనకే రాస్తున్నప్పుడు ‘వారిని’ అంటే ఇంకా నిండుగా ఉంటుంది.

సొంత తండ్రి గురించి ఇతరులకు రాసేటప్పుడు ‘గుర్తు చేశాడు’ అనాలా, ‘తలుచుకున్నారు’ అనాలా? పెద్దవారికి రాసే ఉత్తరంలో ‘మా నాన్నగారు తలుచుకున్నారు’ అనడమే తెలుగు మర్యాద. మనవాళ్లే కదా అని తగ్గించి చెప్పనక్కరలేదు. తగ్గించుకోవాల్సింది మన పేరు దగ్గర. సంతకంలో ‘శ్రీ’ గానీ ‘గారు’ గానీ మనకు మనం పెట్టుకోం. ఇక ‘మాస్టారు’ అన్న పిలుపులోనే గౌరవం ఉంది, దాని మీద మళ్లీ ‘గారు’ బరువే. ‘మాస్టారికి’ అంటే చాలు. పేరు రాసినప్పుడు గారు ఉండాలి, అదీ విభక్తి చేరితే గారికి, గారిని, గారితో అని మారుతుంది. ‘గారుకి’ అన్న రూపం లేదు.

మిగిలింది ఆశీస్సుల సంగతి. తెలంగాణలో దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు దండం పెడతారు, పెద్దలు దీవిస్తారు. ఆకు ఇచ్చేది చిన్నవారు, దీవెన ఇచ్చేది పెద్దవారు. రాతలోనూ ఇదే వరస. శుభాకాంక్షలు ఎవరు ఎవరికైనా చెప్పవచ్చు. నమస్కారాలు చిన్నవారి నుంచి పెద్దవారికి వెళ్తాయి, ఆశీస్సులు పెద్దవారి నుంచి చిన్నవారికి వస్తాయి. ‘నా ఆశీస్సులు స్వీకరించండి’ అన్న వాక్యంలో క్రియ మర్యాదగానే ఉన్నా వరస తలకిందులైంది. పెద్దవారికి మేలు కోరాలంటే మధ్యలో దైవాన్ని పెట్టి, ‘ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాను’ అనడం మన అలవాటు. తొంభై దాటినవారికి ‘నిండు నూరేళ్లు’ కోరకపోవడం మంచిది, లెక్క దగ్గరపడిందని గుర్తు చేసినట్టవుతుంది.

ఇప్పుడు అదే సందేశం ఇలా మారుతుంది:

“గౌరవనీయులైన మాస్టారికి నమస్కారాలు. మీకు, మీ కుటుంబానికి విజయదశమి శుభాకాంక్షలు. ఆ దుర్గమ్మ మీకు ఆయురారోగ్యాలు ప్రసాదించాలని ప్రార్థిస్తున్నాను. మేడమ్‌గారు ఎలా ఉన్నారు? వారిని అడిగానని చెప్పండి. మా నాన్నగారు కూడా మిమ్మల్ని తలుచుకున్నారు. పండక్కి మీరిద్దరూ మా ఇంటికి రండి. మీ ఆశీస్సులు కోరుతూ, మీ శిష్యుడు రమేష్.”

‘మీరిద్దరూ’ అన్న మాట కావాలనే చేర్చింది. ‘మీరు’ ఒక్కరికి గౌరవంగానూ వస్తుంది, పదిమందికి బహువచనంగానూ వస్తుంది. ఒట్టి ‘మీరు రండి’ అంటే పిలుపు మాస్టారికేనా, మేడమ్‌గారికి కూడానా అన్నది తేలదు.

ఈ సవరణలన్నీ అందరికీ నప్పవు. చాలా ఇళ్లలో అమ్మను, అమ్మమ్మను ‘నువ్వు’ అనే పిలుస్తారు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో నాన్ననూ తాతనూ అలాగే పిలిచే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ అది చనువే తప్ప అమర్యాద కాదు. రోజూ ‘నువ్వు తిన్నావా’ అని అడిగే కొడుకు పండగపూట ‘మీరు, మీ ఆరోగ్యం’ అని రాస్తే అమ్మకు కోపమొచ్చిందేమో అనిపిస్తుంది. మరోవైపు, గౌరవం ఎక్కువ చేద్దామని ‘తమరు’ వాడితే నేటి తెలుగులో కొన్నిసార్లు వెటకారంగా వినిపిస్తుంది. అందుకే దిద్దడం మొదలుపెట్టే ముందు, ఆ మనిషి ఎదురుగా ఉంటే నోటికి ఏ పిలుపు వస్తుందో అనుకుని చూసుకోవాలి. అది ‘నువ్వు’ అయితే ‘ఉన్నావు’, ‘చెప్పు’, ‘నీకు’; ‘మీరు’ అయితే ‘ఉన్నారు’, ‘చెప్పండి’, ‘మీకు’. ఏదైనా సరే, మొదటి వాక్యంలో ఎంచుకున్న పిలుపే చివరిదాకా ఉండాలి.