మాత్ర వేళకు స్నేహితురాలి గొంతు

వరంగల్ హాస్టల్లో ఉండే ఆ డిగ్రీ అమ్మాయి థైరాయిడ్ మాత్రను పరగడుపున, కాఫీకి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. ఆరింటికి రిమైండర్ మోగేది. కళ్లు తెరవకుండానే వేలితో నొక్కేసి అటు తిరిగి పడుకునేది. రోజూ అదే మోత వింటుంటే మెదడు దాన్ని లెక్కచేయడం మానేస్తుంది.

ఒకరోజు ఆరున్నరకు, కాఫీ కోసం మెస్‌కు వెళ్తుంటే, టెలిగ్రామ్‌లో స్నేహితురాలి వాయిస్ నోట్.

"ఒసేయ్, కాఫీ ముట్టుకోకు! ముందు మాత్ర వేసుకుని, ఖాళీ షీటు ఫొటో పంపు."

రాత్రే రికార్డు చేసి, పంపే బటన్‌ను నొక్కిపట్టి టైమ్ పెట్టిందట. జవాబు కోసం ఒక మనిషి ఎదురుచూస్తోంది. అలారానికి లేనిది అదే.

అమ్మాయి వెనక్కి వెళ్లి మాత్ర వేసుకుంది. అదే నోట్ రోజూ వస్తే అదీ పాతబడుతుంది. అందుకే స్నేహితురాలు ఆదివారం రాత్రి కూర్చుని, వారానికి సరిపడా ఏడు కొత్తవి రికార్డు చేస్తోంది.